డైమండ్లు ఉండేది ఫోన్లో కాదు

"రేయ్, పదివేల డైమండ్లు ఫ్రీ అంట. నాకు వచ్చేశాయ్. ఈ రాత్రి పన్నెండు వరకే, తొందరగా కొట్టు." ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడే పిల్లల వాట్సాప్‌లో ఇలాంటి సందేశం కనబడటం వింతేమీ కాదు. పంపింది కొత్తవాళ్లు కాదు, రోజూ కలిసి ఆడే గిల్డ్ స్నేహితుడే. కింద ఒక లింకు ఉంటుంది. దాన్ని నొక్కితే గేమ్ రంగులతో, గేమ్ బొమ్మలతో పేజీ తెరుచుకుంటుంది.

ఆ పేజీలో మొదట ప్లేయర్ ఐడీ అడుగుతారు. పిల్లవాడు అంకెలు కొట్టగానే గేమ్‌లో అతను పెట్టుకున్న పేరు తెరమీద ప్రత్యక్షమవుతుంది. "నా పేరు తెలిసిందంటే ఇది నిజమైన సైటే" అని అతను నమ్మేది అక్కడే. కానీ ప్లేయర్ ఐడీ రహస్యం కాదు. ఆ అంకెలు ఇస్తే పేరు చూపించడం ఏ టాపప్ సైటైనా చేసే పనే. తర్వాత ఎన్ని డైమండ్లు కావాలో ఎంచుకోమంటారు. ఒక గీత మెల్లగా నిండుతూ, "సర్వర్‌కు కనెక్ట్ అవుతోంది... డైమండ్లు జమ అవుతున్నాయి..." అంటూ అక్షరాలు పరుగెడతాయి. అంతా అయిపోయిందనుకునేలోగా చివరి మెట్టు వస్తుంది: "మీరు మనిషేనని నిరూపించుకోండి." అందుకోసం రెండు యాప్‌లు డౌన్‌లోడ్ చెయ్యాలి, లేదా ఒక సర్వే నింపాలి, లేదా ఆ లింకును పదిమందికి పంపాలి.

ఆ గీత నిండటం వెనక ఏ పనీ జరగలేదు. అది ఉత్త బొమ్మ, ఎవరు చూసినా అదే వేగంతో నిండుతుంది. అసలు వ్యాపారం చివరి మెట్టులో ఉంది. పిల్లవాడు డౌన్‌లోడ్ చేసిన ఒక్కో యాప్‌కు, నింపిన ఒక్కో సర్వేకు ఆ పేజీ పెట్టినవాడికి ప్రకటనల దళారుల నుంచి కొంత కమిషన్ ముడుతుంది. ఒక్కడి దగ్గర వచ్చేది చాలా చిన్న మొత్తమే. అందుకే వాళ్లకు వేలమంది కావాలి, అందుకే పదిమందికి పంపమంటారు. స్నేహితుడు "నాకు వచ్చేశాయ్" అని రాయడానికీ కారణం ఇదే. ఆ వాక్యం పేజీయే తయారుచేసి ఇస్తుంది, అతను పంపించాడంతే. సర్వే నింపాక ఇంకో సర్వే వస్తుంది. డైమండ్లు మాత్రం రావు.

ఎందుకు రావో పిల్లలకు చెప్పగలిగితే సగం పని అయినట్టే. గేమ్‌లో కనబడే డైమండ్ల లెక్క ఫోన్లో ఉండదు, ఆ గేమ్ కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. ఫోన్ తెరమీద కనబడేది ఆ లెక్కకు నకలు మాత్రమే. బ్యాంకు పాస్‌పుస్తకంలో పెన్నుతో ఒక సున్నా చేర్చుకుంటే ఖాతాలో డబ్బు పెరగనట్టే, ఫోన్లో ఏ మార్పు చేసినా సర్వర్‌లోని లెక్క మారదు. ‘అన్‌లిమిటెడ్ డైమండ్స్ మోడ్’ అని తిరిగే ఏపీకే ఫైళ్లు కొన్ని తెరమీద 99,999 అని చూపిస్తాయి కూడా. ఆ అంకె పెట్టుకుని ఒక్క స్కిన్ కొనబోతే గుట్టు బయటపడుతుంది, ఎందుకంటే కొనుగోలు జరిగేది సర్వర్‌లో. కాబట్టి ‘డైమండ్ జనరేటర్’ అన్న వస్తువు బయట ఎక్కడా ఉండదు. కంపెనీ తప్ప ఇంకెవరూ డైమండ్లను పుట్టించలేరు. బీజీఎంఐలో యూసీకైనా, రోబ్లాక్స్‌లో రోబక్స్‌కైనా ఇదే సూత్రం.

ఇంట్లో పెద్దవాళ్లు సాధారణంగా చెప్పేది వేరు. "ఫ్రీ అంటే మోసమే, ముట్టుకోకు" అంటారు. ఈ మాట పిల్లల దగ్గర నిలవదు, ఎందుకంటే అది పూర్తిగా నిజం కాదు. ఫ్రీ ఫైర్ తయారుచేసే గరీనా కంపెనీ రెడీమ్ కోడ్లను నిజంగానే విడుదల చేస్తుంది. అక్షరాలూ అంకెలూ కలిసిన కోడ్ అది. కంపెనీ సొంత సైటులో లాగిన్ అయి దాన్ని కొడితే బహుమతి గేమ్‌లోని మెయిల్‌లోకి వస్తుంది. బీజీఎంఐ నడిపే క్రాఫ్టన్ కూడా తన సైటులో ఇలాంటి కోడ్లకు చోటిచ్చింది. నిరుడు ఒక కోడ్‌తో నిజంగానే గన్ స్కిన్ గెలుచుకున్న పిల్లవాడికి "ఫ్రీ అంతా మోసం" అంటే, నాన్నకు గేమ్ గురించి ఏమీ తెలియదన్న నిర్ణయానికి వస్తాడు. ఆ తర్వాత నాన్న చెప్పే సరైన మాట కూడా చెవికెక్కదు.

అందువల్ల నేర్పవలసింది నిజమైన దాన్నీ దొంగదాన్నీ పక్కపక్కన పెట్టి చూడటం. ఫ్రీ ఫైర్ కోడ్లకు అసలు చిరునామా ఇది:

`reward.ff.garena.com`

దొంగ చిరునామా ఇలా ఉండొచ్చు (నమూనా కోసం రాసినది, ఇలాంటి సైటు లేదు):

`reward.ff.garena.com.free-gift.example`

రెండో దానిలోనూ garena అన్న మాట ఉంది, మొదటి దాన్ని మొత్తంగా మింగేసినట్టు ఉంది. కన్ను ఎడమ నుంచి చదువుతుంది కాబట్టి మొదట పరిచయమైన పేరు కనబడి, మిగతాది చూడకుండా వదిలేస్తుంది. చిరునామాను కుడి వైపు నుంచి చదవాలి. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత దగ్గర ఆగి, అక్కడి నుంచి వెనక్కి రెండు ముక్కలు చూస్తే ఇలాంటి సైట్ల అసలు యజమాని ఎవరో తెలుస్తుంది. మొదటి దానిలో ఆ రెండు ముక్కలు garena.com. రెండో దానిలో free-gift.example. దానికి ముందున్న garena ఆ సైటు పెట్టినవాడు తనకు నచ్చినట్టు రాసుకున్న మాట. ఫోన్ తెర చిన్నది కాబట్టి చిరునామా చివరి భాగం తరచూ కనబడదు. దాని మీద వేలు పెట్టి పూర్తిగా తెరిచి చూడటం పిల్లలకు ఒకటికి రెండుసార్లు చేయించి అలవాటు చెయ్యాలి.

ఇక్కడొక చిక్కు ఉంది. అసలు సైటు కూడా ఫేస్‌బుక్‌తోనో గూగుల్‌తోనో లాగిన్ కమ్మంటుంది. అందుకే "ఎక్కడా లాగిన్ కావద్దు" అన్న నియమం పనిచెయ్యదు. దొంగ పేజీలు సరిగ్గా ఈ సందునే వాడుకుంటాయి. ‘గూగుల్‌తో లాగిన్’ అని నొక్కగానే చిన్న కిటికీలాంటి బొమ్మ తెరిచి, అందులో గూగుల్ గుర్తు, అసలు చిరునామా అన్నీ గీసి పెడతాయి. ఆ కిటికీ ఆ పేజీలో భాగమే, నిజమైన గూగుల్ పేజీ కాదు. గుర్తుపట్టడానికి తేలికైన ఆనవాలు ఒకటుంది. ఫోన్లో పిల్లవాడి గూగుల్ ఖాతా ముందే ఉంటుంది కాబట్టి, అసలు లాగిన్ అయితే మామూలుగా "ఏ ఖాతా?" అని పేర్ల జాబితా చూపిస్తుంది. మెయిల్, పాస్‌వర్డ్ మొదటినుంచీ టైపు చెయ్యమంటే అక్కడే చెయ్యి ఆపాలి. ఫోన్లో సేవ్ చేసుకున్న పాస్‌వర్డ్ తనంతట తాను నిండకపోయినా అదే హెచ్చరిక. పాస్‌వర్డ్ దాచే వ్యవస్థ బొమ్మలను చూడదు, చిరునామాను చూస్తుంది. మనిషి కన్ను మోసపోయిన చోట కూడా అది మోసపోదు.

రోబ్లాక్స్ ఆడే చిన్నపిల్లల మీద ఇంకో ఎత్తు వేస్తారు. "ఈ గేమ్‌ను కాపీ చేసుకునే చిట్కా చెబుతా, బ్రౌజర్‌లో ఇక్కడ నొక్కి అందులో ఉన్న పొడుగాటి అక్షరాల వరుసను నాకు పంపు" అంటారు. ఆ వరుస పేరు `.ROBLOSECURITY`. అది పిల్లవాడు లాగిన్ అయి ఉన్నాడని సర్వర్‌కు చెప్పే గుర్తు. అది చేతికందితే పాస్‌వర్డ్ తెలియకుండానే అతని ఖాతాలోకి దూరవచ్చు. కంపెనీ ఆ వరుస మొదట్లోనే దీన్ని ఎవరికీ ఇవ్వొద్దని, ఇస్తే మీ పేరుతో లాగిన్ అయి రోబక్స్, వస్తువులు దొంగిలిస్తారని ఇంగ్లీషులో హెచ్చరిక పెట్టింది. అయినా పిల్లలు పంపుతూనే ఉన్నారు. చదవమని కాకుండా కాపీ చెయ్యమని అడిగినప్పుడు ఎవరూ చదవరు.

కొత్త గేమ్ కోసం అందరూ ఎదురుచూసే రోజులు మోసగాళ్లకు మంచి అదను. మన దేశంలో ఫ్రీ ఫైర్‌ను 2022 ఫిబ్రవరిలో నిషేధించారు, ఫ్రీ ఫైర్ మ్యాక్స్ మాత్రం ప్లే స్టోర్‌లో మిగిలింది. 2023 ఆగస్టు చివర్లో, ‘ఫ్రీ ఫైర్ ఇండియా’ను సెప్టెంబరు 5న తెస్తున్నామని గరీనా ప్రకటించి, ఆ తర్వాత వాయిదా వేసింది. ఇలాంటప్పుడు "ముందుగానే లీకైంది" అంటూ ఒక ఏపీకే పంపితే, ఆశగా చూస్తున్న పిల్లవాడు ఫోన్ ఇచ్చే హెచ్చరికను దాటేసి ఇన్‌స్టాల్ చేసేస్తాడు. ఆ యాప్ ఎస్ఎంఎస్‌లు చదివే అనుమతి అడిగితే దాని కన్ను గేమ్ మీద లేదని అర్థం. ఓటీపీలు వచ్చేది ఎస్ఎంఎస్‌లోనే, పిల్లవాడి చేతిలో ఉన్నది చాలా ఇళ్లలో అమ్మ ఫోనో నాన్న ఫోనో.

అమ్మిన ఐడీ వెనక్కి ఎలా వెళ్తుంది

ఫ్రీ డైమండ్ల సంగతి పెద్దలకు కాస్తయినా తెలుసు. ఐడీల కొనుగోలు, అమ్మకం గురించి చాలామందికి తెలియదు. పాత బండిళ్లు, అరుదైన గన్ స్కిన్లు ఉన్న ఐడీకి పిల్లల్లో గిరాకీ ఉంటుంది. కొత్తగా ఆడేవాడు ఎంత టాపప్ చేసినా ఎప్పుడో ముగిసిపోయిన ఈవెంట్‌లోని స్కిన్ దొరకకపోవచ్చు. అందుకే ఇన్‌స్టాగ్రామ్‌లో, టెలిగ్రామ్‌లో ఐడీల బేరాలు నడుస్తాయి. గేమ్ కంపెనీల నిబంధనలు ఈ అమ్మకాలను ఒప్పుకోవు. ఖాతా ఆడుకోవడానికి ఇచ్చిన అనుమతే తప్ప ఆటగాడి సొత్తు కాదని అవి స్పష్టంగానే చెబుతాయి. పిల్లలకు ఆ నిబంధనల కంటే బేరంలోని మెలిక చెప్పడం ఎక్కువ పనికొస్తుంది.

ఒక బేరాన్ని మొదటినుంచి చివరిదాకా ఊహించి చూద్దాం. పదో తరగతి కుర్రాడు ఒక పాత ఐడీని ఆరు వేలకు కొంటాడు. అమ్మినవాడు మోసగాడిలా కనబడడు. వీడియో కాల్‌లో ఐడీ తెరిచి చూపిస్తాడు, డబ్బు రాగానే జీమెయిల్, పాస్‌వర్డ్ ఇచ్చేస్తాడు. ఎందుకంటే గేమ్ ఐడీకి విడిగా పాస్‌వర్డ్ ఉండదు, అది ఒక గూగుల్ ఖాతాకో ఫేస్‌బుక్ ఖాతాకో ముడిపడి ఉంటుంది. కుర్రాడు తెలివైనవాడే. వెంటనే పాస్‌వర్డ్ మార్చేస్తాడు, రికవరీ ఫోన్ నంబరు తీసేసి తనది పెడతాడు. ఇక ఐడీ తనదైపోయినట్టే అనుకుంటాడు. ఆ రాత్రి గిల్డ్‌లో అందరికీ చూపించుకుంటాడు.

నాలుగో రోజు లాగిన్ కాదు.

ఏం జరిగిందంటే, రికవరీ నంబరు మార్చినా పాత నంబరుకు ఏడు రోజుల దాకా ధ్రువీకరణ కోడ్లు పంపే వీలును గూగుల్ ఉంచుతుంది. ఖాతా దొంగల పాలైతే అసలు యజమాని దాన్ని వెనక్కి తెచ్చుకోవడానికి పెట్టిన రక్షణ అది. ఫేస్‌బుక్ కూడా మెయిల్ మారినప్పుడు పాత మెయిల్‌కు సమాచారం పంపి, "ఇది మీరు చెయ్యకపోతే ఇక్కడ నొక్కండి" అంటుంది. గూగుల్ దృష్టిలో ఆ ఖాతా యజమాని అమ్మినవాడే. అతని ఫోన్, అతని ఊరు, అతని పాత పాస్‌వర్డ్లు అన్నీ దానికి తెలుసు. కొన్నవాడు కొత్త చోటు నుంచి వచ్చి తాళం మార్చిన అపరిచితుడు. అమ్మినవాడు "నా ఖాతా పోయింది" అంటే వ్యవస్థ అతన్నే నమ్ముతుంది, నమ్మడమే దాని ధర్మం. మంచి కోసం పెట్టిన రక్షణే ఇక్కడ మోసానికి పనిముట్టు అవుతోంది. ఏడు రోజులూ గడిచాక కూడా పాత వివరాలతో రికవరీకి ప్రయత్నించే దారి అతనికి ఉండనే ఉంటుంది. వెనక్కి తీసుకున్న ఐడీని మరొకడికి అమ్ముతాడు. కొన్నవాడు కంపెనీకి ఫిర్యాదు చేద్దామంటే, నిబంధనలు దాటి కొన్నానని తానే ఒప్పుకోవాలి.

అమ్మే పిల్లలకు నష్టం మరో రూపంలో వస్తుంది. సొంత జీమెయిల్‌తో ఆడిన ఐడీ అమ్మడమంటే ఆ జీమెయిల్‌ను అప్పగించడం. ఫొటోలు, కాంటాక్టులు, బడి నుంచి వచ్చిన మెయిళ్లు, ఆ మెయిల్‌తో తెరిచిన మిగతా యాప్‌లు అన్నీ కొన్నవాడి చేతికి పోతాయి. గేమ్ మాత్రమే అమ్మానని పిల్లవాడు అనుకుంటాడు. తర్వాత ఆ ఫొటోలు చూపించి బెదిరిస్తే, ఆ సంగతి ఇంట్లో చెప్పడం డబ్బు పోయిందని చెప్పడం కన్నా వంద రెట్లు కష్టం.

డబ్బు చేతులు మారే చోట కూడా మోసం ఉంది. "డబ్బు పంపుతున్నా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు, నీకు జమ అవుతుంది" అంటారు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్ ఎప్పుడూ అవసరం లేదు. పిన్ కొట్టామంటే ఇచ్చేది మనమే. ఇద్దరి మధ్య నమ్మకం కోసమంటూ ‘మిడిల్‌మ్యాన్’ను తెస్తారు, అతనికి ‘లెజిట్’ అని వందల సాక్ష్యాలు ఉంటాయి. ఆ సాక్ష్యాలన్నీ స్క్రీన్‌షాట్లే. స్క్రీన్‌షాట్ తయారుచెయ్యడం ఎంత సులువో పిల్లలకు చెప్పక్కర్లేదు, వాళ్లనే ఒకటి తయారుచేసి చూపమంటే చాలు.

మోసపోవడంతోనే కథ ఆగదు, మోసం నేర్చుకునే బడి కూడా ఇదే కావచ్చు. 2020 జూలై 15న ట్విట్టర్‌లో బరాక్ ఒబామా, జో బైడెన్, ఎలాన్ మస్క్ వంటివాళ్ల ఖాతాల నుంచి "బిట్‌కాయిన్ పంపండి, రెట్టింపు చేసి తిరిగిస్తాం" అన్న సందేశాలు వెలువడ్డాయి. లక్ష డాలర్లకు పైగా పోగయ్యాయి. దాని సూత్రధారిగా తేలింది అమెరికాలోని టాంపాకు చెందిన 17 ఏళ్ల కుర్రాడు. అంతకు ముందు అతను మైన్‌క్రాఫ్ట్ ఆటగాళ్లకు వస్తువులు అమ్ముతానని డబ్బు తీసుకుని మాయమయ్యేవాడని అక్కడి పత్రికలు రాశాయి. 2021లో అతను నేరం ఒప్పుకున్నాడు, మూడేళ్ల శిక్ష పడింది. "నాకు బంగారం ఇవ్వు, రెట్టింపు చేసి ఇస్తా" అనే ఎత్తు ఆన్‌లైన్ ఆటల్లో చాలా పాతది. ఆటలో చూసినదే బయట పెద్ద స్థాయిలో జరిగింది.

మోసాన్ని పిల్లల చేతే కట్టించడం

ఈ సంగతులను ఉపన్యాసంగా చెబితే పిల్లలు వినరు. మంచి పద్ధతి ఏమిటంటే, మోసాన్ని కాగితం మీద వాళ్ల చేతే కట్టించడం. టీకాలో బలహీనపరిచిన క్రిమిని ఎక్కించినట్టు, మోసపు వాదనను చిన్న మోతాదులో ముందే రుచి చూపిస్తే మనసు దాన్ని ఎదుర్కోవడం నేర్చుకుంటుందని విలియం మెక్‌గ్వైర్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1960లలో ప్రతిపాదించాడు. కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2018లో ఇదే ఆలోచనతో ‘బ్యాడ్ న్యూస్’ అనే ఆట చేశారు. అందులో ఆటగాడే అబద్ధపు వార్తలు పుట్టించేవాడి పాత్ర వేస్తాడు. గేమ్ మోసాలకు ఈ పద్ధతి ఇంకా బాగా అతుకుతుంది, ఎందుకంటే ఆట గురించి పెద్దలకంటే పిల్లలకే ఎక్కువ తెలుసు.

తరగతిలో ముగ్గురేసి పిల్లలను జట్లుగా చేసి, "మీ జట్టు మోసగాళ్లు. పక్క జట్టువాళ్లను బుట్టలో వేసే సందేశం కాగితం మీద రాయండి" అనాలి. ఫోన్లు పక్కన పెట్టాలి, నిజమైన లింకులు వద్దు. ఏ వస్తువు ఆశ చూపుతారు, ఎవరి పేరుతో పంపుతారు, ఎంత గడువు పెడతారు, చివరికి ఏం గుంజుతారు అన్న నాలుగూ తేల్చాలి. గడువు దగ్గరకొచ్చేసరికి ప్రతి జట్టూ "పదిహేను నిమిషాలే" అని రాస్తుంది. "రేపటిదాకా ఎందుకు ఇవ్వలేదు?" అని అప్పుడు అడగాలి. రేపటిదాకా ఇస్తే ఎవరినైనా అడుగుతాడు కదా అని జవాబు వాళ్ల నోటే వస్తుంది. గడువు బహుమతి కోసం కాదని, అడగనివ్వకుండా చెయ్యడానికేనని వాళ్లంతట వాళ్లు కనిపెట్టాక మరిచిపోరు. తర్వాత ఎదుటి జట్టు ఆ కాగితం తీసుకుని, "ఇందులో డైమండ్లు ఎవరి సర్వర్ నుంచి వస్తాయి? లాగిన్ ఎవరి చేతికి పోతుంది?" అన్న రెండు ప్రశ్నలతో దాన్ని విప్పి చూపాలి.

ఇంట్లో అయితే నాన్నో అక్కో పక్కన కూర్చుని, "ఈ వారం నీకు ఇలాంటివి ఏమొచ్చాయి? చూపించు, నాకూ నేర్పు" అంటే చాలు. నిందించే గొంతు ఉండకూడదు. గేమ్ మానెయ్యమన్న మాట ఆ పూట ఎత్తకూడదు.

ఈ నేర్పుకు హద్దులున్నాయి. అన్నీ తెలిసిన పిల్లవాడు కూడా రాత్రి పదకొండింటికి, మ్యాచ్ ఓడిపోయిన కోపంలో, నమ్మిన స్నేహితుడి ఖాతా నుంచి లింకు వస్తే నొక్కేస్తాడు. ఆ స్నేహితుడి ఖాతా అప్పటికే వేరేవాళ్ల చేతిలో ఉండొచ్చు. అందుకే లింకు పంపినవాడికి మెసేజ్ పెట్టి కాకుండా ఫోన్ చేసి గొంతు వినాలన్న అలవాటు, ఎంత మంచి బేరమైనా తెల్లారాకే చూద్దామన్న అలవాటు చెయ్యాలి.

మోసం జరిగాక చేసే పనులకు వరుస ముఖ్యం. పిల్లలు ముందు గేమ్‌లోకి వెళ్లి ఏం పోయిందో వెతుక్కుంటారు. ముందు చూడవలసింది జీమెయిల్ లేదా ఫేస్‌బుక్ ఖాతా. పాస్‌వర్డ్ మార్చి, మిగతా పరికరాలన్నిటి నుంచీ లాగౌట్ చేసి, రికవరీ నంబరు, మెయిల్ తనవేనా చూసుకోవాలి. డబ్బు పోతే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చెయ్యాలి. యూపీఐ యాప్‌లో ఆ లావాదేవీ పక్కన కనబడే 12 అంకెల సంఖ్య అక్కడ అడుగుతారు. డబ్బు మరో ఖాతాకు, అక్కడి నుంచి ఇంకో ఖాతాకు జారిపోకముందే ఆపగలిగితే తిరిగొచ్చే అవకాశం ఉంటుంది. తిట్లకు భయపడి పిల్లవాడు రెండు రోజులు దాచుకుంటే ఆ అవకాశం తగ్గిపోతుంది.

ఈ దశలోనే రెండో మోసం తలుపు తడుతుంది. "నా ఐడీ పోయింది" అని పిల్లవాడు ఎక్కడైనా రాసుకుంటే, "మా అన్న ఒకాయన ఉన్నాడు, ఐదొందలిస్తే తిరిగి తెప్పిస్తాడు" అని జవాబులు వస్తాయి. ఐడీని తిరిగివ్వగలిగేది గేమ్ కంపెనీ సపోర్టు, గూగుల్ లేదా ఫేస్‌బుక్ సొంత రికవరీ పేజీ మాత్రమే. అవి డబ్బు అడగవు. కంపెనీకి ఐడీ మనదేనని చూపడానికి మొదట్లో చేసిన టాపప్‌ల రసీదులు బాగా పనికొస్తాయి. ప్లే స్టోర్ ద్వారా కొన్నవైతే ఆర్డర్ నంబరు GPA. అన్న అక్షరాలతో మొదలవుతుంది, జీమెయిల్‌లో వెతికితే ఆ మెయిల్ దొరుకుతుంది. జీమెయిల్ కూడా పోతే ఆ రసీదూ దానితోపాటే పోతుంది కాబట్టి, ఇప్పుడే ఒక స్క్రీన్‌షాట్ తీసి అమ్మ ఫోన్లో ఉంచాలి.